తాళాలు ఇచ్చే తేదీయే బ్రాండ్: ఆ మాటను బుకింగ్‌కు ముందే రుజువు చేయడం ఎలా?

"చెప్పిన తేదీకే ఇస్తాం" అని రాయని బిల్డర్ బ్రోచర్ దొరకదు. ఎనిమిది నెలలు ఆలస్యం చేసే వాడి బ్రోచర్‌లోనూ అదే వాక్యం ఉంటుంది, అదే ఫాంటులో. కొనేవాడికి ఈ సంగతి తెలుసు కాబట్టి ఆ వాక్యాన్ని చదవకుండానే పేజీ తిప్పేస్తాడు. నిజంగా వేళకు కట్టే బిల్డర్‌కు దీనివల్లే నష్టం. తన బలం, పక్కవాడి అబద్ధం పైకి ఒకేలా కనిపిస్తాయి.

ఆర్థిక శాస్త్రవేత్త మైఖేల్ స్పెన్స్ 1973లో రాసిన ఒక పరిశోధనా పత్రంలో దీనికి మందు ఉంది. అందులో ఆయన ఉద్యోగాల మార్కెట్ గురించి మాట్లాడాడు కానీ తర్కం ఇక్కడా సరిపోతుంది. ఒక సంకేతాన్ని ఎదుటివాడు నమ్మాలంటే, ఆ గుణం నిజంగా ఉన్నవాడికి అది చవకగా పడాలి, లేనివాడికి భరించలేనంత ఖరీదు కావాలి. హోర్డింగ్ అందరికీ ఒకే ఖర్చు, కాబట్టి అది సంకేతం కాదు. ఆలస్యం చేసే బిల్డర్ అనుకరిస్తే దివాలా తీసే పనులు ఏమిటో వెతికి, వాటిని బుకింగ్‌కు ముందే కొనేవాడి ముందు పెట్టాలి. ఈ మార్గదర్శి మొత్తం ఆ పనుల గురించే. లోగో, రంగులు, ప్రకటనల జోలికి వెళ్లడం లేదు.

మొదట: "ఇవ్వడం" అంటే ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి

ఒకే సంస్థలో ఈ మాటకు నాలుగు అర్థాలు ఉండటం చూశాను. సైట్ ఇంజినీరుకు పెయింటింగ్ అయిపోతే పని అయిపోయినట్టే. లీగల్ వాళ్లకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చేతికి రావాలి. అకౌంట్స్ వాళ్లకు చివరి వాయిదా జమ కావాలి. కొనేవాడికి మాత్రం సామాను దించుకుని ఆ రాత్రి అక్కడే పడుకోగలగడం. తాత్కాలిక కరెంటు మీద ఒక్క లిఫ్టు తిప్పుతూ "హ్యాండోవర్ చేసేశాం" అనే బిల్డర్, తన లెక్క ప్రకారం అబద్ధం చెప్పడం లేదు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

కొనేవాడి అర్థాన్నే తీసుకోండి: ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి, శాశ్వత విద్యుత్ కనెక్షన్, నీళ్లు, అన్ని లిఫ్టులు పనిచేస్తూ, తాళాలు చేతికి వచ్చిన రోజు. ఇదే వాక్యం బ్రోచర్‌లో, ఒప్పందంలో, సేల్స్ వాళ్ల నోట అక్షరం మారకుండా ఉండాలి. ఈ నిర్వచనం పెట్టగానే మీ తేదీ కొన్ని నెలలు దూరం జరుగుతుంది. జరగనివ్వండి.

రెండోది: పాత లెక్క బయటికి తీయండి, చేదుగా ఉన్నా సరే

ఇప్పటిదాకా పూర్తి చేసిన ప్రాజెక్టులన్నీ ఒక కాగితం మీద పెట్టండి. ఇక్కడ ఒక నియమం తప్పనిసరి. చెప్పిన తేదీ అంటే మొట్టమొదటి కొనుగోలుదారుకు చెప్పిన తేదీ. మధ్యలో పొడిగించిన తేదీ లెక్కలోకి రాదు. పొడిగించిన తేదీతో పోల్చుకుంటే ఎవరైనా వేళకు ఇచ్చినట్టే కనిపిస్తారు.

ఉదాహరణకు ఒక బిల్డర్‌ను ఊహించుకుందాం. ఆరు ప్రాజెక్టులు పూర్తి చేశాడు. నెలల్లో లెక్క ఇలా ఉంది:

| ప్రాజెక్టు | మొదట చెప్పింది | పట్టింది | ఎన్ని రెట్లు |
|---|---|---|---|
| ఒకటి | 20 | 21 | 1.05 |
| రెండు | 20 | 22 | 1.10 |
| మూడు | 22 | 26 | 1.18 |
| నాలుగు | 25 | 30 | 1.20 |
| ఐదు | 24 | 30 | 1.25 |
| ఆరు | 20 | 29 | 1.45 |

ఒక్కటి కూడా చెప్పిన రోజుకు పూర్తి కాలేదు. వేళ తప్పని బిల్డర్‌గా పేరు తెచ్చుకోవాలనుకునే వాడికి ఈ పట్టిక చూస్తే గుండె జారుతుంది. కానీ దీన్ని మరోలా చదవచ్చు. ఈ సంస్థకు కట్టడం చేతకాక కాదు ఆలస్యమయ్యేది, అంచనా వేయడం చేతకాక. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే ఈ జబ్బును వర్ణించారు. మనిషి తన పనికి పట్టే కాలాన్ని ఆ పనిలోని దశలు చూసి లెక్కేస్తాడు, అలాంటి పనులకు ఇంతకు ముందు నిజంగా ఎంత పట్టిందో చూడడు. విరుగుడు కూడా వాళ్లే చెప్పారు: పాత పనుల ఫలితాల నుంచి మొదలుపెట్టడం.

మన బిల్డర్ కొత్త ప్రాజెక్టుకు ఇంజినీర్లు 30 నెలల బార్‌చార్ట్ వేశారు. పట్టికలో ఆరింటిలో ఐదు 1.25 రెట్లలోపే పూర్తయ్యాయి. 30ని 1.25తో గుణిస్తే 37.5. అంటే కొనేవాడికి చెప్పాల్సింది 38 నెలలు. ఆరు ప్రాజెక్టులు చిన్న నమూనాయే, ఇందులో గణిత శాస్త్రపు ఖచ్చితత్వం లేదు. పాతవి ఐదంతస్తులు, కొత్తది ఇరవై అయితే ఈ రెట్లు పనికిరావు. అప్పుడు మీ ప్రధాన కాంట్రాక్టర్ కట్టిన అదే ఎత్తు భవనాల లెక్క అడగాలి. అయినా గాల్లోంచి తెచ్చిన 30 కంటే ఇది మేలు.

సైట్‌లో మాత్రం 30 నెలల చార్టే నడవాలి. ఇది మరిచిపోతే కథ మొదటికొస్తుంది. 38 అని సైట్‌కు తెలిస్తే పని 38కి సాగుతుంది, దాని మీద మళ్లీ 1.25 రెట్లు. మిగులు నెలలను ఖర్చు పెట్టే అధికారం ఒక్క మనిషి చేతిలో ఉండాలి, ఖర్చు పెట్టిన ప్రతి వారానికీ కారణం రాసి ఉండాలి.

మూడోది: తేదీ తప్పితే ఎంత కడతారో అంకెలో చెప్పండి

ఆలస్యానికి పరిహారం చాలా ఒప్పందాల్లో ఉంటుంది, కానీ మూడు చోట్ల అది నీరుగారిపోతుంది. మొత్తం మరీ చిన్నది. కొనేవాడు అడిగితేనే ఇస్తారు. మినహాయింపుల జాబితా మాత్రం పేజీ పొడవు ఉంటుంది. వానలు, కూలీల కొరత, సిమెంటు ధర పెరగడం, అనుమతుల జాప్యం, అన్నీ "మా చేతుల్లో లేనివి" కిందికే వస్తాయి. వానాకాలం ప్రతి ఏడాదీ వస్తుంది, దాన్ని అనుకోని విపత్తు అనడం ఏమిటి? అది చార్టులో ఉండాల్సిన సంగతి. యుద్ధం, భూకంపం, పనులు ఆపమని ప్రభుత్వం ఇచ్చే సాధారణ ఉత్తర్వు లాంటి నాలుగైదింటితో మినహాయింపులు ఆగిపోవాలి.

ఇక మొత్తం. ఆలస్యమైన నెలకు కొనేవాడు ఒక పక్క అద్దె, మరో పక్క అప్పు మీద వడ్డీ కడుతుంటాడు. పరిహారం ఈ రెండింటికీ సరిపోవాలి. ఫ్లాట్ ధర 100 అనుకుంటే అది నెలకు 0.75 అయిందనుకుందాం. ఇప్పుడు మన బిల్డర్ పాత పట్టికతోనే లెక్క వేద్దాం.

30 నెలలని అమ్మి ఉంటే, పాత రెట్ల ప్రకారం ఆరు సందర్భాల్లో ఆలస్యం 1.5 నుంచి 13.5 నెలల దాకా, సగటున ఆరు నెలల పైచిలుకు. పరిహారం సగటున ఫ్లాటుకు 4.6. లాభంలో పెద్ద ముక్కే పోతుంది. 38 నెలలని అమ్మితే ఆరింటిలో ఒక్కసారే తేదీ తప్పుతుంది, అదీ 5.5 నెలలు. ఆ ఒక్కసారి ఫ్లాటుకు 4.1 కడతాడు, ఆరింటి మీద సగటు చూస్తే 0.7 కూడా కాదు. ఒకే బిల్డర్, అదే సైట్, అవే కూలీ జట్లు. నిజం తేదీ చెప్పినందుకు పరిహారం భయం ఆరో వంతు కంటే తగ్గింది. అబద్ధపు తేదీ చెప్పేవాడు మాత్రం ఈ నిబంధన మీద సంతకం పెట్టలేడు. స్పెన్స్ చెప్పిన సంకేతం ఇలాంటిది.

పరిహారం దానంతట అదే అమలు కావాలి. తేదీ దాటిన నెల నుంచి చివరి వాయిదాలో ఆ మొత్తం తగ్గిపోవాలి. ఉత్తరం రాయడం, ఆఫీసు చుట్టూ తిరగడం ఉండకూడదు. ఆ చివరి వాయిదా కూడా 20 శాతమైనా ఉండాలి, తాళాలు ఇచ్చాకే తీసుకోవాలి. దీనివల్ల బిల్డర్ నగదు బిగుసుకుంటుంది, నిజమే. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే ఆరు నెలల ఆలస్యంలో ఆ 20 మీద మరో 1.2 పోతుంది. ఈ సొమ్ము లేకుండా భవనం పూర్తి చేయగల బ్యాంకు లిమిట్ ముందే చేతిలో లేకపోతే ఈ హామీ ఇవ్వకండి. వేళకు ఇస్తామన్న హామీ వల్లే డబ్బు ఆగి పని నిలిచిపోతే అంతకంటే అవమానం లేదు.

నాలుగోది: అమ్మకాలు ఆలస్యంగా తెరవండి

సేల్స్ డైరెక్టర్లు ఎక్కువగా ఎదురు తిరిగేది ఈ అడుగుకే. రుజువంతా నిజానికి ఇక్కడే ఉంది.

భూమి పూజ రోజే బుకింగ్‌లు తెరిస్తే మీ దగ్గర చూపించడానికి వాగ్దానం తప్ప ఏమీ ఉండదు. బదులుగా ఆ రోజు తేదీల క్యాలెండర్ ఒక్కటే బయటపెట్టండి. తవ్వకం పూర్తి, రాఫ్ట్ పునాది పోత, బేస్‌మెంట్ కప్పు, మూడో అంతస్తు స్లాబ్, ఒక్కోదానికీ ఒక తేదీ. సైట్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి, వెబ్‌సైట్‌లోనూ పెట్టండి. పెట్టిన రోజు కాపీని మూడో మనిషి దగ్గర, అంటే ఆర్కిటెక్ట్ దగ్గరో ఆడిటర్ దగ్గరో ఉంచండి, తర్వాత మార్చారన్న మాట రాకుండా. ఎనిమిది నెలల తర్వాత బుకింగ్ తెరిచేసరికి నాలుగు తేదీలు గడిచిపోయి ఉంటాయి. చూడటానికి వచ్చినవాడికి గోడ చూపిస్తే చాలు. ఒక తేదీ తొమ్మిది రోజులు తప్పిందా, ఆ తొమ్మిది రోజులూ గోడ మీద ఉండనివ్వండి. అన్నీ అచ్చుగుద్దినట్టు సరిపోయిన పట్టికను జనం అనుమానిస్తారు.

ఇందులో ఒక మోసం దాగి ఉంది, చాలామంది బిల్డర్లు అందులో తామే పడతారు. స్లాబులు వేగంగా లేస్తాయి. మామూలు సెంట్రింగ్‌తో అంతస్తుకు రెండు మూడు వారాలు, అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో వారం పది రోజులు. అస్థిపంజరం ఆకాశానికి లేవగానే సగం పైనే అయిపోయిందనిపిస్తుంది. డ్రోన్ వీడియోలు తీసేది కూడా అప్పుడే. ఆలస్యం పుట్టేది ఆ తర్వాత, బయటికి కనపడని పనుల్లో. బాత్‌రూమ్ వాటర్‌ప్రూఫింగ్ పరీక్షలో నీళ్లు నిలిపి చూస్తే కింది కప్పు చెమ్మగిల్లుతుంది, టైల్స్ పని ఆగుతుంది. ప్లంబర్ పైపు వేశాక ఎలక్ట్రీషియన్ అదే గోడ పగలగొడతాడు. లిఫ్టుల ఆర్డరు ఆలస్యంగా వెళుతుంది, అవి రావడానికే నెలలు పడుతుంది. అగ్నిమాపక తనిఖీకి వచ్చినవాళ్లు ఒక తలుపు తప్పు దిక్కుకు తెరుచుకుంటోందని రాసి వెళ్లిపోతారు.

అందుకే స్లాబు తేదీలతో మాత్రమే అమ్మితే అది అర్ధ సత్యం. దీనికి విరుగుడు ఒక ముందస్తు ఫ్లాటు. సేల్స్ ఆఫీసులో ప్లైవుడ్‌తో కట్టే షోకేసు ఫ్లాటు గురించి కాదు నేను చెప్పేది. భవనంలోనే, మొదటి అంతస్తులో, పైన స్లాబులు పడుతుండగా ఒక నిజమైన ఫ్లాటును ఇటుక గోడ నుంచి తాళం దాకా పూర్తి చేయడం. పై కప్పుల మీది వాన నీళ్లు డక్టుల్లోంచి కిందికి దిగకుండా కట్టుదిట్టం చేసుకోవాలి, కొంత అదనపు ఖర్చు ఉంటుంది. కానీ ఇందులో దొరికే సమాచారం మరెక్కడా దొరకదు. చార్టులో 110 రోజులు అనుకున్నది 140 పట్టిందనుకోండి, ఆ 30 రోజులు ఏ ఏ పనుల మధ్య పోయాయో డైరీలో ఉంటుంది. మిగతా ఫ్లాట్లు మొదలుకాక ముందే వరుస సరిదిద్దుకోవచ్చు. 38 నెలలు సరిపోకపోయినా అప్పుడే తెలుస్తుంది.

అమ్మకాలను దీనికి ముడిపెట్టండి. ఎనిమిదో నెలలో 20 శాతం ఫ్లాట్లే తెరవండి. ముందస్తు ఫ్లాటు పూర్తయి, దాని రోజుల లెక్క తలుపుకే అతికించాక మిగతావి తెరవండి. లిఫ్టుల ఆర్డరు తేదీ, డెలివరీ తేదీ, విద్యుత్ కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టిన తేదీ కూడా ఆ తలుపు పక్కనే ఉంటే తెలిసిన కొనుగోలుదారు అక్కడ కాసేపు ఆగుతాడు.

ఖర్చు మాటేమిటంటే, తొలి ఎనిమిది నెలలు అడ్వాన్సుల సొమ్ము లేకుండా నడపాలి, ఆ వడ్డీ మీరే భరించాలి. దానికి బదులు తొలి రోజుల్లో ఇచ్చే ప్రీ-లాంచ్ డిస్కౌంటు మిగులుతుంది. రెండూ పక్కపక్కన వేసి చూడండి. కొన్ని సంస్థలకు ఇది గిట్టదు. వాళ్లు ఈ బ్రాండు జోలికి రాకపోవడమే మంచిది.

ఐదోది: కొనేవాడికే తనిఖీ చేసే వీలివ్వండి

"మా పాత కస్టమర్లతో మాట్లాడండి" అని మూడు నంబర్లు ఇవ్వడం దండగ. ఆ ముగ్గురినీ మీరే ఎంచుకున్నారని ఎవరికైనా తెలుసు. బదులుగా పాత ప్రాజెక్టులన్నిటి చిరునామాలు, ఆరోది కూడా, ఇచ్చేయండి. ఏదో ఒక ఆదివారం తనంతట తాను వెళ్లి లిఫ్టు దగ్గర కనిపించిన వాళ్లను అడగమనండి. ఆరో ప్రాజెక్టు ఎందుకు తొమ్మిది నెలలు తప్పిందో మీరే ముందు రాసి ఇస్తే, అక్కడి వాళ్లు చెప్పేది దానితో సరిపోతే, మిగతా ఐదింటినీ అతను తనిఖీ చేయకుండానే నమ్ముతాడు.

సేల్స్ డెస్కు దగ్గర సంభాషణ ఎలా ఉండాలో ఒక నమూనా:

"పక్క ప్రాజెక్టు వాళ్లు 30 నెలలే అంటున్నారండీ. మీరేమో 38."

"మా ఇంజినీర్లు కూడా 30 అనే అంటున్నారు సార్. పాత ఆరు ప్రాజెక్టుల్లోనూ వాళ్లు అన్నదాని కంటే ఎక్కువే పట్టింది, ఇదిగో పట్టిక. అందుకని 38 రాశాం. దాటితే నెలకు ఇంత చొప్పున మీ చివరి వాయిదాలో తగ్గుతుంది. వాళ్ల ఒప్పందంలో ఈ పేజీ ఉందేమో ఒకసారి అడిగి చూడండి."

ఈ జవాబు నోట రావాలంటే సేల్స్ వాళ్ల కమిషన్ కూడా అటువైపే లాగాలి. బుకింగ్ రోజే మొత్తం ఇచ్చేస్తే "మీకెందుకు సార్, ముప్పై రెండుకే ఇచ్చేస్తాం" అని నోరు జారక తప్పదు. ఆ ఒక్క మాటతో మీరు పెట్టిన తేదీ పోయి ఆయన చెప్పిన తేదీ మిగులుతుంది. కమిషన్‌లో నాలుగో వంతు తాళాలిచ్చే దాకా ఆపండి. బుకింగ్ అయిన మర్నాడు ఆఫీసు నుంచి వేరే వ్యక్తి కొనుగోలుదారుకు ఫోన్ చేసి "మీకు చెప్పిన తేదీ ఏది?" అని ఒక్క ప్రశ్న అడగాలి. జవాబు 38వ నెల కాకపోతే అక్కడికక్కడే సరిదిద్దాలి.

తేదీ జారుతున్నట్టు ఎలా తెలుస్తుంది?

వారం మొదట్లో సైట్ జట్లు "ఈ వారం ఇవి పూర్తి చేస్తాం" అని ఒప్పుకున్న పనుల్లో శనివారానికి ఎన్ని పూర్తిగా అయ్యాయో లెక్కపెట్టండి. సగం అయిన పని సున్నా కింద లెక్క. 40 పనులు ఒప్పుకుని 32 చేస్తే 80 శాతం. ఈ అంకె నాలుగు వారాలు వరసగా పడిపోతోందంటే, చార్టులో ఇంకా ఆలస్యం కనిపించకపోయినా అది దారిలో ఉన్నట్టే. జట్లు తేలికైన పనులే ఒప్పుకుని అంకె పెంచుకునే ప్రమాదం ఉంది, కాబట్టి చేయని పనుల కారణాలను కూడా చూడాలి. "సామాను రాలేదు" అనే కారణం మళ్లీ మళ్లీ వస్తుంటే లోపం జట్టుది కాదు, కొనుగోలు విభాగానిది.

38 దాటుతుందని తేలితే ఆరు నెలల ముందే చెప్పాలి, అదీ ఒక్కసారే. ఒక సంస్థ నెలనెలా "ఇంకో నెల" అంటూ ఏడు ఉత్తరాలు పంపడం చూశాను. మొత్తం ఆలస్యం ఏడు నెలలే, కానీ అక్కడి వాళ్లు ఇప్పటికీ ఏడుసార్లు మోసపోయామనే చెప్పుకుంటారు. కొత్త తేదీ కూడా పట్టికలోని రెట్లతోనే లెక్కించండి. ఎవరో అడిగారని కాస్త దగ్గరికి జరిపి చెప్పకండి. అదే ఉత్తరంలో పరిహారం ఎప్పటి నుంచి మొదలవుతుందో, ఎంతో రాయండి.

చివరగా ఒక దొంగదారి గురించి. తేదీ దగ్గర పడేసరికి పగిలిన టైలు, మూసుకోని కిటికీ, నీళ్లు కారే ట్యాపు ఉండగానే తాళాలు ఇచ్చేసి "వేళకు ఇచ్చాం" అనిపించుకోవాలనే ఒత్తిడి సైట్ మీద పడుతుంది. మీరు తేదీని బ్రాండు చేశాక ఈ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందుకని పట్టికలో ఇంకో నిలువు వరుస చేర్చండి: తాళాలు ఇచ్చిన రోజు కొనుగోలుదారు రాయించిన లోపాలన్నీ సరిచేయడానికి ఎన్ని రోజులు పట్టింది అని. ఒక ఫ్లాటులో ఆ సంఖ్య 90 అయితే, దాన్ని 38వ నెలలో ఇచ్చినట్టు లెక్కించకండి, 41గా రాయండి.